కల్నల్‌లో ఆర్ ఎక్కడుంది?

ఇంగ్లీషు స్పెల్లింగులకు తలాతోకా లేదు, బట్టీ పట్టడం తప్ప దారి లేదు అన్నది మన ఇళ్లలో, బళ్లలో పాతుకుపోయిన మాట. వెడ్నెస్‌డే తప్పు రాసిన పిల్లాడి చేత దాన్నే పదిసార్లు రాయిస్తారు. ఈ వైద్యం మీద నాకు నమ్మకం లేదు. నొప్పి ఎక్కడో చూడకుండా ఒళ్లంతా మందు రాయడం ఇది.

ఆ తప్పును దగ్గరగా చూడండి. మొదటి రెండక్షరాలూ, చివరి డే ఎవరూ తప్పు రాయరు. గొడవంతా మధ్యలోనే. డి ఎగిరిపోతుంది, లేదా ఎన్ దాని ముందుకొస్తుంది. నోటితో 'వెన్జ్‌డే' అంటారు గనక డి చెవిన పడదు. కానీ అది ఎవరో ఊరికే ఇరికించిన అక్షరం కాదు. పాత ఇంగ్లీషులో ఇది వోడెన్ అనే దేవుడి రోజు. వోడెన్‌లో డి ముందు, ఎన్ తర్వాత. ఆ వెనకున్న ఈ-ఎస్ మన 'యొక్క' లాంటి విభక్తి. ఇది తెలిసినవాడు ఎన్ తర్వాత డి రాయడు. మొదటి అచ్చు దగ్గర మాత్రం వోడెన్ అక్కరకు రాడు. పేరులో ఓ ఉంది, రాతలో ఈ ఉంది.

ఫిబ్రవరిలో మొదటి ఆర్ పూర్తిగా మూగది కాదు, ఇంగ్లీషువాళ్లలో కొందరు ఇప్పటికీ పలుకుతారు. రెండు ఆర్‌లు దగ్గరగా ఉంటే నాలుక ఒకదాన్ని వదిలేస్తుంది. పైగా జాన్యువరీ పక్కనే ఉండి తనవైపు లాగుతుంది. మనం మాత్రం 'బ్ర'ను నిక్షేపంగా పలుకుతున్నాం. స్టైలుగా 'ఫెబ్యువరీ' అనమని నేర్పి, ఆ ఆసరాను పిల్లల నోట్లోంచి మనమే లాగేస్తున్నాం.

అసలు చిక్కు కల్నల్‌ది. ఇంగ్లీషువాడు పలికితే గింజ అనే అర్థమున్న కెర్నల్‌లాగే వినిపిస్తుంది. రాతలో ఆర్ జాడే లేదు. ఇటాలియన్‌లో 'కొలొన్నా' అంటే స్తంభం, సైనికుల బారు. ఆ బారును నడిపేవాడు 'కొలొన్నెల్లో'. ఫ్రెంచివాళ్లు మొదటి ఎల్‌ను ఆర్ చేసి 'కొరొనెల్' అన్నారు. 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకు ముందు వచ్చింది ఆ రూపమే. తర్వాత ఇటాలియన్‌ను చూసి రాతను ఎల్‌కు దిద్దారు, నోరు మాత్రం ఆర్‌ను వదల్లేదు. మన 'కల్నల్' రాత వెంటే వచ్చినా మధ్యనున్న ఓ ను మింగేసింది. మనవాళ్లు రాసేటప్పుడు ఆ ఓ జారిపోయేది అందుకే.

కాబట్టి ఇలాంటి మాటకు రెండు పలుకులు ఉండాలంటాను. నలుగురిలో వాడేది ఒకటి, కలం పట్టినప్పుడు లోలోపల అనుకునేది ఒకటి: వెడ్-నెస్-డే, ఫెబ్-రు-అరీ, కొ-లొ-నెల్. పిల్లలు రెండూ కలిపేస్తారని కొందరు టీచర్లు భయపడతారు. ఇంట్లో యాస, పరీక్షలో పుస్తక భాష తడబడకుండా వాడే పిల్లల గురించేనా ఈ భయం? డిక్టేషన్ దిద్దేటప్పుడు మాట మొత్తం కొట్టేయకుండా, పోయిన అక్షరం చోట గుర్తు పెట్టి ఆ ముక్క వరకే పలికించి చూడండి.