ఏ తెర మీద చదవాలి?

ఈ సంచికలో నవలిక పెద్దది. దాన్ని అచ్చులో చదవాలా, ఈ-రీడర్‌లోనా, ఫోన్‌లోనా అని అడిగే పాఠకులకు నా సమాధానం ఇది.

ఫోన్‌తో చిక్కు వెలుగొక్కటే కాదు. అక్షరాలు చిన్నవి కావడంతో దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుంటాం, రెప్పలు తక్కువగా వేస్తాం. కళ్లు పొడిబారి మండేది అందుకే. పైగా కథ మంచి పట్టులో ఉండగా ఏదో సందేశం వచ్చి పడుతుంది. నాలుగు పేజీల వ్యాసానికైతే ఫోన్ చాలు.

ఈ-ఇంక్ తెర కాగితంలాగే బయటి వెలుతురుతో కనిపిస్తుంది, ఎండలోనూ హాయిగా చదవొచ్చు. కానీ తెలుగు పాఠకుడికి అసలు పరీక్ష స్కాన్ చేసిన పాత పుస్తకాల పీడీఎఫ్ దగ్గర వస్తుంది. ఆ పేజీ ఒక బొమ్మ, అక్షరాన్ని విడిగా పెంచలేం. డెమీ సైజు పుస్తకం ఎత్తు సుమారు 21 సెంటీమీటర్లు, ఆరంగుళాల తెర ఎత్తు 12. అంటే 12 పాయింట్ల అక్షరం 7కి కుదించుకుపోతుంది. ముందు చెడేవి ఒత్తులే: క్ర, క్త ఏదో పోల్చుకోవడానికి కళ్లు చికిలించాల్సి వస్తే అది చదవదగ్గ సైజు కాదన్నమాట. అప్పుడు మార్జిన్లు కత్తిరించి, తెరను అడ్డంగా తిప్పండి. అక్షరం దాదాపు అచ్చు సైజుకు వస్తుంది, పేజీ మాత్రం రెండు మూడు ముక్కలుగా కనిపిస్తుంది. ఈపబ్ దొరికితే ఈ తంటా లేదు.

ఫుట్‌నోట్ల కోసం ముందుకీ వెనక్కీ తిప్పాల్సిన పుస్తకాన్ని మాత్రం నేను కాగితం మీదే చదువుతాను.