వాచీ చూపే కేలరీలకు బహుమతి వద్దు

ఈసారి కొంచెం పొడుగుగానే రాస్తున్నాను. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

మన యువజన విభాగంవారు గ్రూపులో ఒక ప్రకటన పెట్టారు, చూసే ఉంటారు. నెల రోజులు జిమ్ముకు పోయి బరువులెత్తాలట. రోజూ చేతి వాచీలో ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో ఫోటో తీసి గ్రూపులో పెట్టాలట. నెలాఖరుకు ఎవరి మొత్తం ఎక్కువైతే వారికి ఉగాది సభలో వెండి దీపం. పిల్లలు జిమ్ముకు పోతే నాకు సంతోషమే, నా వయసువాళ్ళు పోతే ఇంకా సంతోషం. ఆ దీపం మాత్రం ఆ లెక్క మీద ఇవ్వవద్దంటున్నాను. ఆ అంకె కొలత కాదు, అంచనా. బరువులెత్తడం విషయంలో అది మరీ బలహీనమైన అంచనా.

"మీకేం తెలుసు పెదనాన్నా, వాచీలో సెన్సారు ఉంది కదా" అన్నాడు ఒక తమ్ముడి కొడుకు. ఉంది నాయనా. ఆ సెన్సారు ఏం చూస్తుందో అడుగుదాం. మణికట్టు మీద పచ్చని వెలుతురు వేసి నాడి చూస్తుంది. చెయ్యి ఎంత కదిలిందో చూస్తుంది. నీ వయసు, బరువు, ఆడా మగా అన్నది నువ్వే టైపు చేసి ఇచ్చావు. ఇంతే దాని చేతిలో ఉన్నది. ఒంట్లో ఎంత శక్తి ఖర్చయిందో తెలియాలంటే ముక్కుకు, నోటికి మాస్కు కట్టి, పీల్చిన ఆక్సిజన్ ఎంత, వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంత అని కొలవాలి. వాచీ ఆ పని చేయదు. నాడిని చూసి ఆక్సిజన్‌ను ఊహిస్తుంది, ఆ ఊహ నుంచి కేలరీలను ఊహిస్తుంది. ఊహ మీద ఊహ.

గ్రూపులో మొన్న ఒకాయన పెట్టిన ఫోటోనే తీసుకుందాం. పేరు రాయను. ఆయన బరువు 72 కిలోలు. గంటసేపు జిమ్ములో ఉన్నారు. వాచీ 612 కేలరీలు చూపింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను కాగితం, పెన్సిలు తీశాను.

అమెరికాలో 1993లో మొదట అచ్చయిన పట్టిక ఒకటుంది, పేరు కంపెండియం ఆఫ్ ఫిజికల్ యాక్టివిటీస్. ఏ పని చేస్తే ఊరికే కూర్చున్నప్పటికంటే ఎన్ని రెట్లు శక్తి ఖర్చవుతుందో అందులో ఉంటుంది. ఆ రెట్టును 'మెట్' అంటారు. ఊరికే కూర్చుంటే 1 మెట్, అంటే కిలో బరువుకు గంటకు సుమారు 1 కేలరీ. 2011 నాటి పట్టికలో బరువులెత్తడానికి రెండు ముఖ్యమైన అంకెలున్నాయి. రకరకాల వ్యాయామాలు, ఒక్కొక్కటి 8 నుంచి 15 సార్లు చేస్తే 3.5. బాడీబిల్డింగు, పవర్ లిఫ్టింగు లాగా గట్టిగా చేస్తే 6.

72 కిలోల మనిషి గంటసేపు చేశాడు. 3.5తో గుణిస్తే 252. 6తో గుణిస్తే 432. చూశారా, ఒకే మనిషి, ఒకే గంట, ఒకే పుస్తకం. ఆయన చేసింది 'మామూలు'దా 'గట్టి'దా అన్న ఒక్క మాట మీద 180 కేలరీల తేడా వచ్చేసింది. ఆ మాట నిర్ణయించేది ఎవరు? పట్టికలో మనిషి లేడు, సెట్టుకూ సెట్టుకూ మధ్య ఆయన ఎంతసేపు కూర్చున్నాడో లేదు.

612 ఈ రెండింటికీ పైనే ఉంది. 612ను 72తో భాగిస్తే 8.5 మెట్లు. అదే పట్టికలో గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తడానికి 8.3 ఉంది. అంటే ఆయన గంటసేపు ఒక్క నిమిషం ఆగకుండా పరుగెత్తినట్టు వాచీ చెబుతోంది. ఆయన్నే ఫోనులో అడిగాను, ఏమేం చేశారని. 18 సెట్లు చేశానన్నారు. సెట్టుకు 40 సెకన్లు వేసుకోండి, 12 నిమిషాలు. మిగతా 48 నిమిషాలు బల్ల మీద కూర్చుని చెమట తుడుచుకోవడం, నీళ్ళు తాగడం, పక్కవారితో మాట్లాడడం. అందులో తప్పేమీ లేదు, బరువులెత్తేవాడికి ఆ విశ్రాంతి కావాలి. కానీ అది పరుగు కాదు కదా.

మరి వాచీ ఎందుకు అంత చూపింది? ఇదే అసలు సంగతి. నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు ఒకే వేగంతో పోతుంటే నాడీ, ఆక్సిజనూ జోడెద్దుల్లాగా కలిసి నడుస్తాయి. అందుకే నాడి చూసి ఆక్సిజన్ అంచనా వేయడానికి కొంత ఆధారం ఉంది. బరువు ఎత్తినప్పుడు ఆ జోడు విడిపోతుంది. ఊపిరి బిగబట్టి, పిడికిలి బిగించి కడ్డీ లేపుతాం. బిగిసిన కండరం తన లోపలి రక్తనాళాలను తానే నొక్కేస్తుంది. రక్తపోటు పెరుగుతుంది, గుండె గబగబా కొట్టుకుంటుంది. గుండె కొట్టుకున్నంతగా ఆక్సిజన్ ఖర్చు పెరగదు. సెట్టు అయి కూర్చున్నాక కూడా నాడి వెంటనే దిగదు. వాచీ ఇదంతా చూసి, పాపం, ఈయన పరుగెత్తుతున్నాడు అనుకుంటుంది. పైగా కడ్డీని బిగించి పట్టుకున్నప్పుడు మణికట్టు దగ్గర చర్మం, నరాలు కదిలి నాడి అంకే కొన్నిసార్లు తప్పుగా వస్తుంది.

దీనికి తలకిందులు కూడా ఉంది. మన సంఘంలో నా వయసువారిలో బీపీకి, గుండెకు బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారు చాలామంది. ఆ మాత్ర గుండె వేగాన్ని అణచి ఉంచుతుంది. ఎంత బరువెత్తినా నాడి పెద్దగా లేవదు, వాచీ తక్కువ చూపిస్తుంది. కష్టపడిన పెద్దాయనకు దీపం రాదు, మాత్ర వేసుకోని కుర్రాడికి వస్తుంది. ఇదేం న్యాయం?

"ఖరీదైన వాచీ కొంటే సరిపోతుంది" అనేవారికి ఒక మాట. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు ఏడు రకాల మణికట్టు పరికరాలను 60 మంది మీద పరీక్షించారు. నాడి విషయంలో ఏడింట ఆరు బాగానే వచ్చాయి, తప్పు 5 శాతం లోపే. కేలరీల దగ్గరికి వచ్చేసరికి అన్నిటికంటే మంచిది సగటున 27 శాతం తప్పింది, అన్నిటికంటే చెడ్డది 93 శాతం. అదీ నడక, పరుగు, సైకిలు మీద. బరువుల మీద కాదు. సులువైన పరీక్షలోనే మార్కులు అంతంతమాత్రం.

లెక్కలు తెలిసినవారు ఇంకో దారి చెబుతారు. "ఎత్తిన బరువు తెలుసు, ఎత్తు తెలుసు, భౌతికశాస్త్రంతో కట్టేద్దాం." కట్టి చూశాను, మా అరవ బడిలో నేర్పిన కణక్కే. 40 కిలోలు అర మీటరు ఎత్తు, 12 సార్లు, 18 సెట్లు. మొత్తం వచ్చేది ఎంతనుకున్నారు? 10 కేలరీలు. అవును, పదే. కండరం ఖర్చుపెట్టే శక్తిలో అయిదో వంతు మాత్రమే పనిగా మారుతుంది అనుకుంటే 50. ఇది నిజమైన ఖర్చు కంటే చాలా తక్కువ. ఎందుకంటే బరువును మెల్లగా దించడానికి, కదలకుండా పట్టి నిలపడానికి కూడా కండరం శక్తి తింటుంది. భౌతికశాస్త్రంలో కదలని బరువుకు పని సున్నా. మా పార్సిలు ఆఫీసులో మూట తల మీద పెట్టుకుని బండి కోసం నిలబడిన పోర్టరును అడగండి, సున్నా అంటే ఒప్పుకుంటాడేమో.

ప్రయోగశాలలో మాస్కు కట్టినా బరువులెత్తే దగ్గర తిప్పలే. 40 సెకన్ల సెట్టులో కండరం ముందుగా తనలో దాచుకున్న ఇంధనాన్ని ఆక్సిజన్ లేకుండానే వాడేస్తుంది. ఆ బాకీ తర్వాత కూర్చుని రొప్పేటప్పుడు తీరుతుంది. ఎత్తేటప్పుడే కొలిస్తే తక్కువ వస్తుంది. కూర్చున్నప్పుడూ కొలవాలి, ఎంతసేపటి దాకా కొలవాలన్న దాని మీద జవాబు మారుతుంది. శాస్త్రజ్ఞులకే ఇంత తంటా ఉన్నచోట మన వాచీ మూడంకెలను ఖచ్చితంగా, 612 అని, 600 అని కూడా కాకుండా చూపిస్తోంది. నాకు కోపం వచ్చేది ఆ చివరి 12 మీదే.

ఇంకొకటుంది, రైల్వేలో పనిచేసినవాడిగా చెప్పకుండా ఉండలేను. వ్యాగనును తూకం వేస్తే సరుకు బరువు రాదు. ఖాళీ వ్యాగను బరువు, అంటే టేర్, తీసేస్తేనే సరుకు. కేలరీలకూ టేర్ ఉంది. ఆయన ఆ గంట ఇంట్లో పేపరు చదువుతూ కూర్చున్నా సుమారు 72 కేలరీలు ఖర్చయ్యేవి. 252లో, 432లో అదీ కలిసే ఉంది. తీసేస్తే జిమ్ము వల్ల అదనంగా అయినది 180 నుంచి 360. ఆ టేరు కూడా అందరికీ ఒకటి కాదు. 2005లో 750 మందికి పైగా మనుషులను కొలిచి చూస్తే, కూర్చున్నప్పటి ఖర్చు సగటున కిలోకు గంటకు 1 కాదు, 0.84 అని తేలింది. కొన్ని వాచీలు టేరు కలిపి చూపుతాయి, కొన్ని తీసి చూపుతాయి, కొన్ని రెండూ చూపుతాయి. మన పోటీలో ఎవరు ఏది ఫోటో తీశారో ఎవరు చూడబోతున్నారు?

ఇదంతా ఒక దీపం కోసమేనా అంటారేమో. కాదు. ఆయన 612 చూసుకుని, ఫోటో పెట్టిన సాయంత్రమే "ఇవాళ సంపాదించాను" అని ఇంకో పూట టిఫిను తిన్నానని గ్రూపులోనే రాశారు. వాచీ చెప్పినదానికీ నిజానికీ మధ్య 250 తేడా ఉందనుకోండి. ఇడ్లీ సైజును బట్టి 40 నుంచి 60 కేలరీలు, అంటే అయిదు ఇడ్లీల తేడా. వారానికి మూడుసార్లు అలా తింటే 750. పది వారాల్లో 7500. కిలో కొవ్వుకు సుమారు 7700 అని లెక్క కడతారు. జిమ్ముకు పోయి, చెమటోడ్చి, కిలో పెరిగి, "నాకు వ్యాయామం పడదు" అని మానేస్తారు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు ఆ అంకె చూసి డోసు, తిండి మార్చుకుంటే ఇంకా ప్రమాదం. అది డాక్టరుతో మాట్లాడి, చక్కెర పరీక్ష చేసుకుని చేయవలసిన పని.

కాబట్టి యువజన విభాగంవారికి నా కోరిక ఇది. దీపం ఇవ్వండి, కేలరీలకు వద్దు. బరువులెత్తేవాడి దగ్గర నిజంగా కొలవగలిగినవి వేరే ఉన్నాయి. కడ్డీ మీద ఎన్ని కిలోలు ఉన్నాయో కంటికి కనిపిస్తుంది, ఎన్నిసార్లు ఎత్తాడో లెక్కపెట్టవచ్చు, నెలలో ఎన్ని రోజులు వచ్చాడో జిమ్ము రిజిస్టరులో ఉంటుంది. మొదటి వారం తాను ఎత్తినదానికంటే నాలుగో వారం ఎవరు ఎక్కువ మెరుగుపడ్డారో చూడండి. అలాగైతే 20 ఏళ్ళ కుర్రాడికీ 65 ఏళ్ళ అమ్మకూ పోటీ పెట్టవచ్చు, ఎవరి మాత్రా అడ్డురాదు. ఒళ్ళు తగ్గాలనుకునేవారు వాచీని వదిలి, వారానికి ఒక రోజు పొద్దున్నే పరగడుపున అదే తూకం మీద నిలబడి నోటుపుస్తకంలో రాసుకోండి. నాలుగైదు వారాలు చూస్తే తిండి ఎక్కువో తక్కువో ఆ పుస్తకమే చెబుతుంది.

వచ్చే ఆదివారం కమిటీ కూటంలో దీన్ని చర్చకు పెట్టమని కార్యదర్శిగారికి రాసి ఇచ్చాను. నా మాట తప్పనేవారు కాగితం, పెన్సిలుతో రండి.