‘పెద్దోళ్ల ఫోన్’ చూపించకండి.. ముందు ఏం కావాలో అడగండి

గత నెలలో మా మేనమామతో కలిసి తాండూరులో ఒక మొబైల్ షాప్‌కి వెళ్లాను. మామకి 67 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేశారు. ఇప్పుడు రెండెకరాల కంది చేను చూసుకుంటున్నారు. పాత ఫోన్ బ్యాటరీ మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందని కొత్తది కొందామని వచ్చారు. మేం ఇంకా కూర్చోనేలేదు, కౌంటర్ మీద ఉన్న కుర్రాడు నా వైపు తిరిగి, "అన్నా, అంకుల్‌కి కాల్స్ మాట్లాడితే చాలు కదా? పెద్ద బటన్ల ఫోన్ ఉంది, చూపించాలా?" అన్నాడు.

మామకి కోపం రాలేదు. నవ్వి, "బేటా, ఫోన్ నాకు, పైసలు నావి. అడిగేదేదో నన్నే అడుగు" అన్నారు.

అడిగితే తెలిసేది ఏంటంటే, మామ రోజూ పుణెలో ఉన్న కూతురితో వాట్సాప్ వీడియో కాల్ మాట్లాడతారు. ఎరువుల షాప్‌లో, కిరాణాలో యూపీఐతోనే కడతారు. మార్కెట్ యార్డ్‌లో కంది రేటు గ్రూప్‌లో చూసుకుంటారు. బడ్జెట్ పదమూడు వేలు. అంటే ఆ కుర్రాడు పదమూడు వేల కస్టమర్‌కి పన్నెండు వందల ఫోన్ చూపించబోయాడు. మర్యాద సంగతి పక్కన పెట్టినా, వ్యాపారంగా చూసినా ఇది నష్టమే.

కీప్యాడ్ ఫోన్ తక్కువదని నేను అనడం లేదు. ఛార్జింగ్ రోజుల తరబడి ఉండాలి, కాల్స్ తప్ప ఇంకేం వద్దు అనుకునేవాళ్లకి అదే బెస్ట్. ఇంటర్నెట్ లేని ఫోన్ నుంచి కూడా డబ్బు పంపేందుకు 2022 మార్చిలోనే యూపీఐ 123పే వచ్చింది. కానీ ఏది కావాలన్నది తెల్లజుట్టు చూసి షాప్‌వాళ్లు డిసైడ్ చేసేది కాదు. వాడే మనిషి చెప్పాలి.

వేలిముద్ర పడకపోతే తప్పు వేలిది కాదు

సరే, చివరికి సైడ్ ఫింగర్‌ప్రింట్ ఉన్న ఒక 5జీ ఫోన్ మామకి నచ్చింది. అసలు సమస్య అక్కడ మొదలైంది. వేలు రిజిస్టర్ చేస్తుంటే సగంలో ఆగిపోతోంది. కుర్రాడు "అంకుల్, గట్టిగా నొక్కండి, సరిగ్గా పెట్టండి" అంటూనే ఉన్నాడు. మామ సరిగ్గానే పెడుతున్నారు.

ఇక్కడ జరిగేది ఇది. సైడ్‌లో ఉండే సెన్సార్ వేలి మీద గీతల ఎత్తుపల్లాల మధ్య విద్యుత్ తేడాని కొలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ చర్మంలో తేమ, సాగే గుణం తగ్గుతాయి, గీతల ఎత్తూ తగ్గుతుంది. దానికి తోడు తాండూరులో చాలామంది చేతులు ఏళ్ల తరబడి రాయి, నీళ్లు, పాలిష్ పొడి మధ్య అరిగినవి. సిమెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లదీ ఇదే కథ, సిమెంట్‌లోని క్షారం చర్మాన్ని ఎండగడుతుంది. పైగా సైడ్ సెన్సార్ సన్నగా ఉంటుంది కాబట్టి ఒకసారికి వేలిలో చిన్న ముక్కే చదువుతుంది. గట్టిగా నొక్కితే ఉన్న గీతలు కూడా చదునవుతాయి తప్ప ప్రయోజనం లేదు.

మేం చేసింది సింపుల్. మామ చేతులు కడుక్కుని తుడుచుకున్నారు, ఒక చుక్క కొబ్బరినూనె వేళ్లకి పట్టించి, జిడ్డు లేకుండా తుడిచేశారు. పనిలో ఎక్కువగా అరిగిన కుడి బొటనవేలు వదిలేసి ఎడమ చేతి చూపుడు వేలు తీసుకున్నాం. ఫోన్‌ని టేబుల్ మీద పెట్టి కాకుండా, మామ మామూలుగా పట్టుకునే పద్ధతిలోనే పట్టుకుని రిజిస్టర్ చేశాం. అదే వేలిని రెండోసారి ఇంకో ఫింగర్‌ప్రింట్‌గా సేవ్ చేశాం, దాంతో సెన్సార్ దగ్గర ఆ వేలి భాగాలు ఎక్కువ ఉంటాయి. తర్వాత పదిసార్లు లాక్ వేసి తీస్తే ఎనిమిదిసార్లు ఓపెన్ అయింది. మిగతా రెండుసార్లకి మామకి గుర్తుండే పిన్ ఉంది.

ఇదంతా ఆరేడు నిమిషాల పని. షాప్‌లో ఇది జరగకపోతే ఏమవుతుందో తెలుసా? ఇంటికెళ్లాక వేలు పడదు, "నాకు ఈ ఫోన్లు రావులే" అని మనిషి తననే తప్పు పట్టుకుంటాడు. వారంలో లాక్ తీసేసి వాడతాడు. యూపీఐ యాప్ ఉన్న ఫోన్‌కి స్క్రీన్ లాక్ లేకపోవడం ఎంత రిస్కో వేరే చెప్పక్కర్లేదు. ఫేస్ అన్‌లాక్ పెట్టొచ్చు కదా అంటారేమో. బడ్జెట్ ఫోన్లలో ఫేస్ అన్‌లాక్ సాధారణంగా ఫ్రంట్ కెమెరాతోనే నడుస్తుంది, లాక్ తెరవడానికి ఓకే, కానీ బ్యాంక్ యాప్స్‌లో చాలావరకు పనికిరాదు.

ఈ విషయంలో పెన్షన్ వ్యవస్థ ఫోన్ షాపులకన్నా ముందుంది. 2019లోనే తెలంగాణ ప్రభుత్వం టీ యాప్ ఫోలియోలో సెల్ఫీతో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ తీసుకునే సదుపాయం పెట్టింది. కేంద్రం 2021 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్‌కి ఫేస్ అథెంటికేషన్ కలిపింది. "మీ వేళ్లు సరిగ్గా పెట్టండి" అని ముసలివాళ్లని విసుక్కునే బదులు వేలు అక్కర్లేని దారి ఒకటి తెరిచారు. పెద్దవాళ్లకి సర్వీస్ అంటే నా దృష్టిలో ఇదే.

అక్షరాలు పెంచారు, బటన్ మాయమైంది

తర్వాత కుర్రాడు అడగకుండానే ఫాంట్ సైజ్ చివరిదాకా లాగేశాడు, డిస్‌ప్లే సైజ్ కూడా. "ఇక మీకు బాగా కనిపిస్తది అంకుల్" అన్నాడు. ఉద్దేశం మంచిదే. కానీ మేం పేమెంట్ యాప్ ఓపెన్ చేసి పది రూపాయలు పంపబోతే, కింద ఉండాల్సిన బటన్ కీబోర్డ్ వెనక్కి వెళ్లిపోయింది. పైకి జరిపితే పేరు సగమే కనిపిస్తోంది. డబ్బు ఎవరికి పోతోందో చూసుకోవాల్సిన చోట పేరు కనిపించకపోవడం చిన్న విషయం కాదు.

రెండూ ఒకేసారి ఫుల్‌గా పెంచితే చాలా యాప్స్‌లో ఇలాగే అవుతుంది. అందుకే డిస్‌ప్లే సైజ్‌ని మళ్లీ మామూలుకి తెచ్చి, ఫాంట్‌ని రెండు మెట్లు మాత్రం పెంచి, బోల్డ్ టెక్స్ట్ ఆన్ చేశాం. మామ కళ్లజోడు పెట్టుకుని వాట్సాప్ మెసేజ్ ఒకటి, పేమెంట్ స్క్రీన్ ఒకటి చదివి "గిట్లుంటే చాలు" అన్నారు. సెట్టింగ్ ఏది కరెక్ట్ అనేది అక్కడే తేలుతుంది, సెట్టింగ్స్ పేజీలో కాదు.

ఇంకొకటి. ఎండిన, కాయలు కాసిన వేళ్లతో టచ్ చేసేటప్పుడు చాలామంది కొంచెం ఎక్కువసేపు ఆనిస్తారు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఐకాన్‌ని కదిలిస్తుంది, మెసేజ్‌ని సెలెక్ట్ చేస్తుంది. "మా నాన్న ఏదో నొక్కేశాడు, యాప్ పోయింది" అనే కంప్లైంట్లలో కొన్నైనా దీనివల్లే. ఆండ్రాయిడ్‌లో Settings > Accessibility > Timing controls లో Touch & hold delay ని Long కి మార్చితే తేడా తెలుస్తుంది. బ్రాండ్‌ని బట్టి ఈ మెనూ చోటు మారొచ్చు, సెర్చ్ బార్‌లో పేరు కొడితే దొరుకుతుంది. మందమైన చవక టెంపర్డ్ గ్లాస్ వేసినా టచ్ మొండికేస్తుంది, కాబట్టి గ్లాస్ వేశాక ఇంకోసారి టెస్ట్ చేయండి.

డబ్బా మీద రాసిన పాస్‌వర్డ్

ఇప్పుడు వికారాబాద్ సంగతి. మా పక్కింట్లో ఉండే రిటైర్డ్ టీచరమ్మ గారు రెండేళ్ల క్రితం ఒక ఫోన్ కొన్నారు. షాప్‌వాళ్లే "మేం చేసేస్తాం మేడమ్, మీరు కూర్చోండి" అని జీమెయిల్ ఐడీ క్రియేట్ చేసి ఇచ్చారు. పాస్‌వర్డ్ డబ్బా మీద పెన్నుతో రాశారట. రికవరీ నంబర్‌గా ఎవరి నంబర్ ఇచ్చారో ఆవిడకి తెలీదు. ఈ మధ్య ఫోన్ హ్యాంగ్ అవుతోందని ఎవరో రీసెట్ కొట్టారు. రీసెట్ అయ్యాక ఫోన్ పాత గూగుల్ అకౌంట్ అడిగింది. దొంగలు ఎత్తుకెళ్లినా వాడకుండా ఉండేందుకు ఆండ్రాయిడ్‌లో ఉన్న రక్షణ అది. డబ్బా లేదు, పాస్‌వర్డ్ లేదు. మనవరాలి ఫొటోలన్నీ ఆ అకౌంట్‌లోనే ఉన్నాయి.

ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషికి పాస్‌వర్డ్ పెట్టుకోవడం రాదా? ఆవిడని ఎవరూ అడగలేదు, అంతే. "మీకెందుకు శ్రమ" అనే మాట వినడానికి గౌరవంగా ఉంటుంది, కానీ ఆ మాటతోనే ఆవిడ ఫోన్ తాళం ఇంకొకరి చేతిలోకి పోయింది.

మామ ఫోన్ విషయంలో ఇది గుర్తుపెట్టుకున్నాం. పాత అకౌంటే వాడాం. రికవరీ నంబర్ మామదే ఉందో లేదో చూసి, రెండో నంబర్‌గా అత్తమ్మది ఇచ్చాం. పాస్‌వర్డ్ మామే టైప్ చేశారు. నెమ్మదిగానే, రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి కరెక్ట్‌గా. కుర్రాడు ఫోన్ లాక్కోబోతుంటే నేనే ఆపాను. యూపీఐ పిన్ పెట్టేటప్పుడు నేను కూడా పక్కకి తిరిగాను. అల్లుడినైనా, షాప్ కుర్రాడినైనా, ఆ నంబర్ మాకు అక్కర్లేదు.

దీనికి డబ్బు తీసుకోండి

షాప్ ఓనర్లు ఒక మాట అంటారు: "ఒక్కో కస్టమర్‌కి అరగంట ఎవరు కేటాయిస్తారన్నా, ఫోన్ మీద మార్జిన్ ఎంతని?" ఇది నిజమైన ఇబ్బందే. నేను చెప్పే సమాధానం ఒకటే, ఫ్రీగా చేయకండి. కొత్త ఫోన్ సెటప్, పాత డేటా మార్చడం, లాక్, ఫాంట్, పేమెంట్ టెస్ట్ అన్నీ కలిపి రెండు మూడు వందలు అని బోర్డు పెట్టండి. వయసుతో సంబంధం లేకుండా అందరికీ అదే రేటు. "సీనియర్ సిటిజన్ స్పెషల్" అని పేరు పెట్టక్కర్లేదు, ఇది ఇరవై ఏళ్ల కుర్రాడికీ పనికొచ్చే సర్వీసే. డబ్బు కట్టిన మనిషి దర్జాగా కూర్చుని తనకి కావాల్సింది అడుగుతాడు. ఫ్రీగా చేయించుకునే మనిషి మొహమాటంతో "సరేలే బాబూ" అని లేచి వెళ్లిపోతాడు, ఆ ఫోన్ సగమే వాడతాడు.

మేం ఆ రోజు కౌంటర్ దగ్గర నలభై నిమిషాలు ఉన్నాం. వెళ్లేటప్పుడు మామ కొత్త ఫోన్‌తోనే బ్యాక్ కవర్‌కి నూట యాభై స్కాన్ చేశారు. స్క్రీన్ మీద ఓనర్ పేరు బయటికి చదివి, చూసుకుని, అప్పుడు పిన్ కొట్టారు. సౌండ్ బాక్స్ పలికింది. కుర్రాడు ఈసారి నన్ను కాకుండా మామనే అడిగాడు: "అంకుల్, కవర్ ఏ కలర్ ఇవ్వమంటారు?"