తిరిగి రానివారిని ఏ పద్దులో వేస్తారు?

ఇటీవల ఒక నర్సింగ్ పరిశోధక విద్యార్థిని తన వ్యాసపు చిత్తుప్రతిని నాకు పంపింది. నర్సులు ఇచ్చే సలహా, తోడ్పాటు వల్ల ధూమపానం మానేవారు పెరుగుతారా అన్న ప్రశ్నపై ఇదివరకు జరిగిన ప్రయోగాలను వెదకి, ఏరి, కలిపి లెక్కకట్టే క్రమబద్ధ సమీక్ష అది. ఫలితాలు, చర్చ పూర్తయ్యాయి. ‘పద్ధతులు’ అనే భాగం మాత్రం ఖాళీగా ఉంది. అడిగితే, “అది లాంఛనమే కదా సార్, చివర్లో రాసుకోవచ్చన్నారు మా గైడు గారు” అంది.

నా పేచీ ఈ ఒక్క మాటతోనే. ఫలితాలు చూశాక రాసినది పద్ధతి కాదు, సంజాయిషీ.

ఎందుకో ఒక ఊహాజనితమైన లెక్కతో చెబుతాను. ఒక ప్రయోగంలో వందమందికి నర్సు సలహా ఇచ్చింది. మరో వందమందికి మామూలు వైద్యమే అందింది. ఆరు నెలల తర్వాత మొదటి వర్గం నుంచి 60 మందే తిరిగి వచ్చారు, వారిలో 24 మంది మానేశామన్నారు. రెండవ వర్గం నుంచి 80 మంది వచ్చారు, వారిలోనూ మానేసినవారు 24 మందే. వచ్చినవారినే లెక్కిస్తే 40 శాతం, 30 శాతం, నర్సు గెలిచినట్టు. చేరినవారందరినీ లెక్కిస్తే వందకు 24, వందకు 24, తేడా సున్న. ధూమపాన పరిశోధనలో, తిరిగి రానివారిని ఇంకా తాగుతున్నవారిగానే లెక్కించడం ఆనవాయితీ. మళ్లీ మొదలుపెట్టినవాడు మొహం చాటేస్తాడని ఔట్ పేషెంట్ విభాగంలో కూర్చున్న ఎవరికైనా తెలుసు. అయితే అదీ ఒక ఊహే. ఊరు మారినవాడూ ఉంటాడు, మరణించినవాడూ ఉంటాడు. అందుకే ప్రధాన గణన ఏదో, సరిచూసుకోవడానికి చేసే రెండవ గణన ఏదో ముందే నిర్ణయించి రాసి పెట్టాలి. రెండు అంకెలూ చూశాక ఎంచుకునే మనిషి ఏది ఎంచుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు.

చేర్పు నిబంధనల్లోనూ ఇదే చిక్కు ఉంది. ఆ చిత్తులో ‘నర్సు ఆధ్వర్యంలోని ప్రయోగాలు’ అని మాత్రమే ఉంది. ఒక ప్రయోగంలో సలహాతోపాటు నికోటిన్ చూయింగ్ గమ్‌ను నర్సు వర్గానికే ఉచితంగా ఇచ్చారనుకోండి. ఆ ఫలితం నర్సుదా, గమ్‌దా? గమ్ రెండు వర్గాలకూ సమానంగా అందినప్పుడే నర్సు ప్రభావం విడిగా తేలుతుంది. అలా అందని ప్రయోగాలను వదిలేస్తారో, వేరుగా లెక్కిస్తారో నిబంధనలోనే చెప్పాలి. వ్యవధి కూడా అంతే. మానేసినవారిలో చాలామంది మొదటి కొద్ది వారాల్లోనే మళ్లీ అంటిస్తారు. కనుక కనీసం ఆరు నెలలు గమనించని ప్రయోగాన్ని చేర్చుకుంటే తాత్కాలిక ఉత్సాహాన్ని కొలిచినట్టే.

ఇక పక్షపాత పరీక్ష. ఎవరు ఏ వర్గమో తెలియనీయకపోవడం ఇక్కడ అసాధ్యం. ఎదురుగా కూర్చుని మాట్లాడే నర్సును ఎలా దాస్తాం? అందుకని ప్రతి ప్రయోగానికీ ‘అధిక ముప్పు’ అని ఒకే ముద్ర కొట్టేసి ముగించేవారున్నారు. అందరికీ ఒకే ముద్ర పడితే అది పరీక్షే కాదు. అడగవలసిన ప్రశ్న వేరు: మానేశానన్న మాటను దేనితో నిర్ధారించారు? తనకోసం శ్రమపడిన నర్సమ్మను నొప్పించలేక “మానేశానమ్మా” అనేవారు సలహా అందిన వర్గంలోనే ఎక్కువ ఉండే అవకాశముంది. శ్వాసలో కార్బన్ మోనాక్సైడ్ కొలిస్తే ఆ మొహమాటం బయటపడుతుంది. కానీ ఆ వాయువు ఒక రోజులోపే దాదాపు దిగిపోతుంది. ముందురోజు నుంచి బిగబట్టుకున్నవాడు తప్పించుకోగలడు. మూత్రంలోనో లాలాజలంలోనో కొటినిన్ కొలిస్తే మరికొన్ని రోజుల వెనక్కి తెలుస్తుంది గాని, నికోటిన్ గమ్ నమిలేవాడూ అందులో దొరుకుతాడు. బీడీ మాని ఖైనీ పట్టినవాడూ దొరుకుతాడు. మన దేశపు ప్రయోగాలను చేర్చే సమీక్షకుడు అతణ్ణి మానేసినవాడిగా లెక్కిస్తాడా, లేదా? నాకు తెలిసి, ఈ ప్రశ్న వేసుకున్నవారు తక్కువ.

ఇదే అంశంపై కాక్రేన్ సంస్థ 2017లో నవీకరించిన సమీక్షలో 58 అధ్యయనాలు ఉన్నాయి. ప్రధాన గణనలో కలిపినవి 44. నర్సు తోడ్పాటు వల్ల మానే అవకాశం 1.29 రెట్లు అని తేలింది. పెద్ద అంకె కాదు. అయినా నేను దాన్ని నమ్ముతాను. ఆరు నెలల హద్దు, తిరిగి రానివారిపై నియమం అందులో స్పష్టంగా ఉన్నాయి. విద్యార్థిని చిత్తులోని అంకె దీనికంటే ఘనంగా ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే, అందులో కొన్ని ప్రయోగాలు మూడు నెలలకే ముగిసినవి.

ఆమెకు ఒకటే చెప్పాను. ఫలితాలు ఎలాగూ చూసేశారు కనుక, ఏ నిబంధన ముందు పెట్టుకున్నారో, ఏది తర్వాత చేర్చారో పద్ధతుల భాగంలో విడివిడిగా రాయమన్నాను. గైడు గారిని అడిగి చెబుతానంది.