ఎద్దు తల, మూడొందల పరుగులు

2016 ఆగస్టు 20, శనివారం. మా లైప్‌జిగ్‌కు గంటంబావు దూరంలో ఉన్న డ్రెస్‌డెన్‌లో జర్మన్ కప్ ఫుట్‌బాల్ మ్యాచ్. డైనమో డ్రెస్‌డెన్‌పై ఆడటానికి మా ఊరి ఆర్‌బి లైప్‌జిగ్ వెళ్లింది. ఆట సాగుతుండగా డ్రెస్‌డెన్ అభిమానులున్న గ్యాలరీ నుంచి నెత్తురోడుతున్న నిజమైన ఎద్దు తల వచ్చి మైదానం అంచున పడింది. లైప్‌జిగ్ జట్టు వెనకున్న కంపెనీ గుర్తు ఎద్దు కదా, అందుకని! పోనీ ఓడిపోయిన కడుపుమంటా అంటే అదీ కాదు. ఆ మ్యాచ్‌లో పెనాల్టీలతో గెలిచింది డ్రెస్‌డెనే.

సరిగ్గా అదే వారాంతంలో కర్ణాటకలోని కోలారు దగ్గర తిరుపతి కుర్రాడొకడు కత్తిపోట్లకు చనిపోయాడు. అతను వెళ్లింది అవయవదాన కార్యక్రమానికి. అక్కడ ఇద్దరు తెలుగు హీరోల అభిమానుల మధ్య 'మావాడు గొప్ప, మావాడు గొప్ప' అన్న మాట పెరిగింది. ఆ హీరోల పేర్లు ఇక్కడ రాయను. రాస్తే ఎవరి అభిమాని ఎవర్ని పొడిచాడన్న లెక్క మళ్లీ మొదలవుతుంది.

లైప్‌జిగ్‌లో ఉంటూ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేను. జర్మనీలో ఇతర జట్ల అభిమానులు అంతగా ఈసడించుకునే క్లబ్ మరొకటి ఉండదేమో. 2009లో పక్కనున్న మార్క్‌రాన్‌స్టెట్ అనే చిన్న క్లబ్ స్థానాన్ని కొనుక్కుని పుట్టిందిది. కంపెనీ పేరు క్లబ్బుకు పెట్టకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, ఆర్, బి అక్షరాలు కలిసొచ్చేలా 'రాసెన్‌బాల్‌స్పోర్ట్' అనే పేరు కల్పించారు. అంటే 'పచ్చికబంతి ఆట'. ఈ పేరు మీద జర్మన్లు వేసే జోకులకు లెక్కలేదు. నాకూ నవ్వొస్తుంది, మా ఊరి జట్టే అయినా.

ఎగతాళి ఎలా చేయాలో చూపించినవాళ్లు యూనియన్ బెర్లిన్ అభిమానులు. 2014 సెప్టెంబరులో లైప్‌జిగ్ జట్టు వాళ్ల మైదానానికి వస్తే స్టేడియమంతా నల్లటి ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని మొదటి పావుగంట నోరు మెదపకుండా నిలబడింది. మీ దగ్గర డబ్బుంది, ప్రాణం లేదని చెప్పడం అన్నమాట. గుచ్చుకునే మాటే. అయినా ఎవరి ఒంటి మీదా గీత పడలేదు, ఎవరి అమ్మనూ తిట్టలేదు.

డార్ట్‌మండ్‌లో మరోలా జరిగింది. 2017 ఫిబ్రవరి 4న స్టేడియం బయట లైప్‌జిగ్ అభిమానుల మీద రాళ్లు, డబ్బాలు, సీసాలు పడ్డాయి. దెబ్బలు తిన్నవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలూ ఉన్నారు. లోపల పట్టిన బ్యానర్లలో ఒకటి లైప్‌జిగ్ జట్టు వ్యవహారాలు చూసే రాల్ఫ్ రాంగ్నిక్‌ను ఉరేసుకోమంది. 2011లో ఆయన మానసికంగా, శారీరకంగా అలిసిపోయి షాల్కె కోచ్ పదవి వదులుకున్న మనిషి. ఆ సంగతి తెలిసే రాశారు. జర్మన్ ఫుట్‌బాల్ సంఘం ఆ బ్యానర్లకుగాను క్లబ్బుకు లక్ష యూరోల జరిమానా వేసి, వేల మంది నిలబడి చూసే దక్షిణ గ్యాలరీని తర్వాతి సొంతగడ్డ మ్యాచ్‌కు మూయించింది. కంపెనీ డబ్బు మీద, జట్టు పేరు మీద మొదలైన విమర్శ ఒక మనిషి అనారోగ్యం దగ్గర తేలింది.

మన దగ్గర కూడా మాట జారేది అక్కడే. మా వాట్సాప్ గ్రూపులో కళ్లారా చూశాను.

2025 మార్చి 23న సన్‌రైజర్స్ రాజస్థాన్ మీద 286 కొట్టింది. ఇక మా హైదరాబాద్ బ్యాచ్‌ను పట్టడం ఎవరి తరం? 'ఈసారి మూడొందలు రాసిపెట్టుకోండి' అని పొద్దునా సాయంత్రం అదే పాట. తర్వాత వరసగా నాలుగు ఓటములు. కోల్‌కతా మీద 120, గుజరాత్ మీద 152. ఆ రాత్రి చిత్తూరు తమ్ముడొకడు (చెన్నై జట్టంటే ప్రాణమిస్తాడు, వాళ్ల ఊరికి హైదరాబాద్ కన్నా చెన్నై దగ్గర మరి) ఒక్క వాక్యం పెట్టాడు: 'అన్నా, రెండు మ్యాచ్‌లూ కలిపాను, 272 వచ్చింది, మిగతా 28 ఎప్పుడిస్తారు?' తిన్నవాళ్లే ముందు నవ్వారు. 'మావాళ్లు ముందుగా వచ్చి ఔటవుతారురా, మీ ధోనీ తొమ్మిదో స్థానంలో దిగేసరికి మైదానం ఊడ్చేవాళ్లు వచ్చేస్తున్నారు' అని అటు నుంచి జవాబు. అంతకు కొద్ది రోజుల ముందు బెంగళూరు మీద ధోనీ నిజంగానే తొమ్మిదో స్థానంలో దిగాడు.

ఆ మర్నాడు మాట మారింది. ఒకరు 'అరవోడి'వన్నారు. ఇంకొకరు అతనికి ఇష్టమైన సినిమా హీరోను లాగి, అక్కడి నుంచి కులం దాకా వెళ్లారు. మారిందని నాకు తెలిసింది ఆ మాటల వల్ల కూడా కాదు. అప్పటిదాకా నిమిషానికో జవాబిచ్చిన తమ్ముడు ఆగిపోయాడు. ఎప్పుడూ నవ్వే నలుగురు చూసి కూడా ఏమీ అనలేదు. ఒకరు మాత్రం నాకు విడిగా 'ఇదేంటన్నా' అని పంపారు.

క్రికెట్ గొడవలోకి సినిమా హీరో రాగానే ఎందుకంత చెడింది? నాకు తోచింది చెప్తాను. క్రికెట్‌లో స్కోరుకార్డు ఉంటుంది. 120 అంటే ఇద్దరికీ 120. ఓడినవాడు ఒప్పుకోక తప్పదు, ఒప్పుకున్నాక నవ్వక తప్పదు. సినిమాలో అలాంటి అంపైర్ లేడు. వసూళ్లు ఎవరి పోస్టర్ మీద వాళ్ల అంకె. 'ఆర్ఆర్ఆర్'కు ఎవరి హీరో ఎన్ని నిమిషాలు కనిపించాడని మావాళ్లు గడియారం పట్టుకుని కూర్చున్నారు, ఇద్దరి లెక్కలూ కలవలేదు. లెక్క తేలనప్పుడు మనిషి మీదికి పోవడం తేలిక. హీరో పేరు చెప్పగానే కుటుంబం, కుటుంబం చెప్పగానే కులం, ఆ దారి మనవాళ్లు చాలాకాలం కిందటే వేసిపెట్టారు. పైగా మన గ్రూపులోకి వచ్చే విషం చాలా వరకు మనవాళ్లు వండింది కాదు, ముఖం తెలియనివాళ్లెవరో రాసింది. దాన్ని ముందుకు తోసేవాడు మాత్రం సోమవారం అదే ట్రామ్‌లో ఎదురుపడతాడు.

ఇంకోటి. జర్మనీలో మనిషిని అవమానించడం శిక్షాస్మృతి 185వ సెక్షన్ కింద నేరం. బాధితుడు ఫిర్యాదు చేస్తే జరిమానా గానీ, ఏడాది దాకా జైలు గానీ పడొచ్చు. బహిరంగంగా చేస్తే రెండేళ్ల దాకా. కుర్రాళ్లకిది చెప్తే 'తెలుగులో తిడితే వాళ్లకేం అర్థమవుతుంది' అంటారు. కోర్టుల్లో దుబాసీలుంటారు నాయనా.

మేం ఆ మెసేజ్‌ను గ్రూపులో ఖండించలేదు. అలా చేస్తే ఇంకో యాభై మెసేజ్‌లు పడేవి. రాసినాయనకు ఫోన్ చేశాను. మొదట 'సరదాకి' అన్నాడు. 'అదే మాట వాడి ఎదురుగా, వాళ్లమ్మ పక్కనుండగా అంటావా?' అనడిగితే కాసేపు ఆగి, తనే తీసేశాడు, తమ్ముడికి ఫోన్ కూడా చేశాడు. తర్వాత ఒక నియమం పెట్టుకున్నాం. క్రికెట్ ఎగతాళికి స్కోరుకార్డులోని అంకె ఒకటి ఉండాలి. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల జెర్సీ వేసుకుని ఫొటో పెట్టాలి. సినిమాలకు ఈ నియమం పనిచేయడం లేదని ఒప్పుకోవాలి. విడుదల వారంలో వసూళ్ల పోస్టర్లు పెట్టొద్దన్నాం, అంతే. దానిమీద ఇద్దరు అలిగి గ్రూపు వదిలేశారు, ఒకరు తిరిగొచ్చారు.

ఏప్రిల్ 25న చెపాక్‌లో చెన్నైని సన్‌రైజర్స్ ఓడించింది. ఆ మైదానంలో వాళ్ల మీద అదే మొదటి గెలుపు. మర్నాడు క్లారా పార్కులో చిత్తూరు తమ్ముడు తన కొలతకు రెండింతలున్న నారింజ జెర్సీలో నిలబడ్డాడు. జెర్సీ ఎవరిదంటే, తిట్టినాయనదే. ఫొటో కింద తమ్ముడు రాశాడు: 'ఆ 28 పరుగులు ఇంకా బాకీ.'