ఏ పోస్టుకి ఏం అడగాలి?

మా పెదపారుపూడిలో నాకు చెల్లెలి వరసయ్యే అమ్మాయి మగ్గం వర్క్ చేస్తుంది. ఇన్‌స్టాలో ఏం పెట్టినా కింద ఒకటే మాట: ‘బుకింగ్స్ కోసం మెసేజ్ చేయండి’. వైశాఖంలో ఒకరోజు వచ్చి, "అన్నయ్యా, వ్యూస్ బానే ఉన్నాయి, ఆర్డర్లే రావట్లేదు" అంది.

ఫోన్ తీసుకుని చూశా. బాగా నడిచిన రీల్‌లో జర్దోసీని చిన్న ముక్కలుగా కోసి మెడ చుట్టూ కుడుతోంది. ఇన్‌సైట్స్‌లో చూస్తే, చూసినవాళ్లలో ఎక్కువమంది ఫాలోవర్లు కారు. అంటే ఆమె పనిని చూడటమే మొదటిసారి. పెళ్లి బ్లౌజ్ అంటే వేలల్లో మాట. అర నిమిషం వీడియో చూసి ఎవరిచ్చేస్తారు? అలాంటి చోట చిన్న కోరికే కోరాలి. అందుకే మాట మార్చాం: ‘మెడ అయింది. చేతులు ఆదివారం పెడతా, చూడాలంటే ఫాలో అవ్వండి’. ఆదివారం నిజంగా పెట్టాలండోయ్, లేకపోతే రెండోసారి ఎవరూ నమ్మరు.

కొలత బ్లౌజ్ ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలో చెప్పిన పోస్టుకి ‘సేవ్ చేసుకోండి’ చాలు. దాని అవసరం ఇవాళ కాదు, టైలర్ దగ్గరికి వెళ్లే రోజు.

బుకింగ్ అడగాల్సింది స్టోరీలో. అది చూసేది ఎక్కువగా పాత ఫాలోవర్లే. ఎప్పుడు అడగాలన్నది ఇంకా ముఖ్యం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కదా అని మనవాళ్లు ఊరుకుంటారు. కానీ ఆమెకి ఒక బ్లౌజ్‌కి వారం పడుతుంది. శ్రావణం పెళ్లికి కట్టాలంటే ఆషాఢంలోనే మగ్గం ఎక్కాలి. కాబట్టి జ్యేష్ఠం చివర్లోనే స్టోరీ పెట్టింది: ‘శ్రావణానికి నాలుగు బ్లౌజులే చేయగలను. పెళ్లి తేదీ, చీర ఫొటో వాట్సాప్ చేయండి’. నాలుగు అన్నది ఊరించడానికి కాదు, ఆషాఢంలో ఉన్నవి నాలుగు వారాలే.

లింక్ స్టిక్కర్‌లో `wa.me/91` తర్వాత ఆమె పది అంకెల నంబర్ పెట్టాం. నొక్కితే నేరుగా చాట్ తెరుచుకుంటుంది. పోస్టు కింద క్యాప్షన్‌లో రాస్తే అది నొక్కడానికి రాదు, చాలామంది అక్కడే పొరపడతారు.

‘మెసేజ్ చేయండి’తో ఇంకో తంటా ఉంది. మనం ఫాలో కానివాళ్ల మెసేజ్‌లు మామూలుగా రిక్వెస్ట్స్‌లోకి పోతాయి. ఆ రోజు అది తెరిచి చూస్తే మూడు ఎంక్వైరీలు మూలుగుతున్నాయి. అందులో ఒకరికి అప్పటికే పెళ్లైపోయింది. పాపం, చెల్లెలి మొహం చూడాలి!

స్టోరీ పెట్టాక ఏడుగురు వాట్సాప్‌లోకి వచ్చారు. ఇద్దరు అడ్వాన్స్ ఇచ్చారు. మిగతా ఐదుగురూ "ఎంతవుద్ది?" అని అడిగి, చెప్పగానే మాయం. అంటే పిలుపు పనిచేసింది, ధర దగ్గర తేడా కొట్టింది. తర్వాతి స్టోరీలో ‘మొదలు ఇంత నుంచి’ అని ముందే రాసేసింది. ఈసారి వచ్చింది ముగ్గురే, వాళ్లలో ఇద్దరు చీర ఫొటోతోనే వచ్చారు. ఆ రెండూ ఇప్పుడు మగ్గం మీదున్నాయి.