చుక్క పెట్టని సర్కారు తెలుగు

మా వీధిలో ఒకాయన ఈ వారం సర్వే కాగితం ఒకటి చేతికిచ్చి, ‘నాకు పని జరిగినట్టా, జరగనట్టా చెప్పండి’ అన్నారు. పొలం హద్దు తేల్చమని ఆయన పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబది. ఊరు, సర్వే నంబరు తీసేసి దాని వరస చెబుతాను:

‘అర్జీపై 12వ తేదీన నోటీసు జారీ చేసి, 19వ తేదీన భూమి వద్దకు వెళ్ళి, ఎఫ్‌ఎంబీ ప్రకారం కొలతలు తీయగా, ఉత్తరపు గట్టున రాయి కనిపించక, పక్క రైతును విచారించగా, దున్నునప్పుడు తీసివేసితిమని చెప్పి, సంతకం చేయుటకు నిరాకరించి, వెళ్ళిపోయినందున, పంచనామా నిర్వహించి, హద్దు నిర్ధారణ వాయిదా వేయడమైనది.’

చేసి, వెళ్ళి దగ్గర మొదలై నిర్వహించి దాకా తొమ్మిది అసమాపక క్రియలు. పక్క రైతు మాటను పక్కన పెడితే సమాపక క్రియ ఒక్కటే, అదీ చిట్టచివర. అర్జీదారుకు కావలసిన ముక్క ‘వాయిదా’. ఆ తొమ్మిదీ దాటితే గానీ అది కనిపించదు. ఈలోగా ఆయనకు వచ్చిన అనుమానం, సంతకం పెట్టనన్నది సర్వేయరేమోనని! నవ్వడానికి లేదు, వాక్యం అలాగే ఉంది.

‘చేసి’, ‘వెళ్ళి’ లాంటి క్త్వార్థకాలకు ఒక కట్టుబాటుంది. ఆ పని చేసినవాడూ, చివరి క్రియ చేసేవాడూ ఒకడే కావాలి. ‘వాన కురిసి చెరువు నిండింది’ లాంటివి చెల్లుతాయి, అక్కడున్నది కారణం కనక. కర్త మారాలంటే ‘-గా’, ‘-నందున’ లాంటివి కావాలి. సర్కారు తెలుగు ప్రాణం ఆ ‘-గా’లోనే ఉంది. ‘కొలతలు తీయగా’ అన్నాక ఎవరైనా రావచ్చు, ఏదైనా జరగవచ్చు. రాయి ‘కనిపించక’ను వదిలేస్తే, ‘విచారించగా’ దాకా కర్త సర్వేయరు. ‘చెప్పి, నిరాకరించి’ దగ్గర పక్క రైతు. ‘నిర్వహించి’ దగ్గర మళ్ళీ సర్వేయరు. వాళ్ళ పేర్లు మాత్రం పైకి రావు.

అందుకే నేను చుక్క పెట్టేది ముందుగా కర్త మారిన చోట. ‘-గా’ కనబడితే ఆగి, తరవాతి పని ఎవరిదని అడగాలి. వేరేవాళ్ళదైతే అక్కడ తుంచి, కొత్త వాక్యంలో కర్తను పేరుపెట్టి చెప్పాలి. తేదీ మారిన చోటా అంతే. ఆ కాగితాన్ని అలా విప్పితే:

‘ఈ అర్జీపై పక్క రైతుకు 12వ తేదీన నోటీసు ఇచ్చాను. 19న పొలానికి వెళ్ళి ఎఫ్‌ఎంబీ ప్రకారం కొలిచాను. ఉత్తరపు గట్టున రాయి కనిపించలేదు. దున్నేటప్పుడు తామే తీసేశామని పక్క రైతు చెప్పారు. కానీ ఆయన సంతకం పెట్టకుండా వెళ్ళిపోయారు. అందువల్ల పంచనామా రాసి, హద్దు నిర్ధారణను వాయిదా వేశాను.’

ఆరు వాక్యాలు. ‘వెళ్ళి కొలిచాను’ను విడగొట్టలేదు, చూడండి. ఒకే మనిషి వెంటవెంటనే చేసిన పనులవి. ‘వెళ్ళాను. కొలిచాను. చూశాను.’ అని రాస్తే ఒకటో తరగతి వాచకం అవుతుంది. ఇక ‘అందువల్ల’ అన్న మాట నేను చేర్చింది. ‘వెళ్ళిపోయినందున’లో ఉన్న కారణం చుక్క పెట్టగానే ఎగిరిపోతుంది, దాన్ని మాటగా తిరిగి పెట్టాలి. పెట్టబోతే చిక్కు బయటపడింది. వాయిదాకు కారణం రాయి లేకపోవడమా, సంతకం లేకపోవడమా? పాత వాక్యం రెంటినీ కలిపి దాటేసింది. నోటీసు పక్క రైతుకే వెళ్ళిందన్నదీ నా ఊహే, కాగితంలో లేదు. ఇలాంటివి రాసినవాళ్ళను అడిగి తేల్చుకోవాలి తప్ప విడగొట్టేవాడు సొంతంగా పూరించకూడదు.

అసలు నా కోపం ‘-డమైనది’ మీద. ‘వాయిదా వేయడమైనది’, ‘తెలియజేయడమైనది’, ‘పరిశీలించడమైనది’. ఎవరు వేశారు, ఎవరు పరిశీలించారు? ఇంట్లో పాలు పొంగిపోతే ‘పొంగడమైనది’ అని ఎవరూ అనరు. ‘నేను’ అని రాస్తే అహంకారంగా ఉంటుందని గుమాస్తాలు అంటారు. సరే, ‘మండల సర్వేయరు వాయిదా వేశారు’ అని రాయండి, హోదా కూడా మనిషే. చుక్కలు ఎన్ని పెట్టినా చివర ఈ ‘-డమైనది’ మిగిలితే బాధ్యుడు దొరకడు.

అధికార భాషా చట్టం వచ్చింది 1966లో. ఆఫీసు తెలుగు గురించి అప్పటినుంచీ మనం పదాల మీదే కొట్టుకుంటున్నాం, సంస్కృతమా, ఇంగ్లిషా, అచ్చతెలుగా అని. ఈ కాగితంలో కఠినమైన పదం ఒక్కటీ లేదు. ఎఫ్‌ఎంబీ, పంచనామా, నోటీసు ఏ రైతుకైనా తెలిసినవే. పదకోశాలు అచ్చువేసుకోవడం తేలిక గనక పద్దు అక్కడికి పోతుంది. నమూనా ఫారాలు మార్చమంటే ఫైలు కదలదు. కొత్తగా చేరినవాళ్ళు కూడా పాత ఫైలు తెరిచి తేదీలు మార్చి అదే వాక్యాన్ని దించేస్తారు.

ఎప్పటివరకు వాయిదా అన్నది మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. అది కనుక్కోవడానికి ఆయన ఇంకో అర్జీ రాసుకుంటున్నారు.